మిరప రైతు మొదటి ఫోన్: వినకూడని నాలుగు సలహాలు

చర్ల మండలంలో గోదావరి ఒడ్డు మిరప చేలకు డ్రోన్‌తో మందు కొట్టే పనిలోకి కొత్తవాళ్లు దిగుతున్నారు. 2023లో నమో డ్రోన్ దీదీ పథకం వచ్చాక మహిళా సంఘాల వాళ్లూ ఈ పనిమీద దృష్టి పెట్టారు. శిక్షణలో డ్రోన్ ఎగరెయ్యడం వస్తుంది. ఎరగని రైతు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ఏం అడగాలన్నది మాత్రం తలా ఒక మాట చెప్పగా వినాల్సిందే. అలా చెప్పేవాటిలో నాలుగు సలహాలు కొంప ముంచుతాయి. వాటిని ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి చెడు సలహా: "ఫోన్ ఎత్తగానే రేటు చెప్పెయ్, లేకపోతే ఇంకొకరి దగ్గరికి పోతాడు."

తేగడ నుంచి ఒక రైతు ఫోన్ చేశాడనుకుందాం. "ఐదెకరాల మిరప ఉంది, ఎకరానికి ఎంత తీసుకుంటారు?" అన్నాడు. మీరు వెంటనే ఒక అంకె చెప్పారంటే ఆ ఐదెకరాలూ ఒకే చెక్కలో ఉన్నాయని ఒప్పుకున్నట్టే. దానికి బదులు, "చెప్తా బాబాయ్, ముందు చేను సంగతి చెప్పండి. ఐదెకరాలూ ఒక్కచోటే ఉన్నాయా?" అని అడగండి. రెండెకరాలు ఊరి పక్కన, రెండు వాగు అవతల, ఎకరం కరెంటు లైను కింద ఉన్నాయని అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడ లెక్క మారిపోతుంది. పది లీటర్ల ట్యాంకుతో ఎకరానికి ఒక ట్యాంకు చొప్పున కొడితే ఐదుసార్లు నింపాలి, దాదాపు ఐదుసార్లు బ్యాటరీ మార్చాలి. ఒకే చెక్కయితే గంటా గంటన్నరలో తేలిపోయే పని. మూడు చోట్లకి సామాను మోసుకెళ్తే అదే పని రెండున్నర గంటలవుతుంది. చలికాలం పొద్దున ఆకుమీద మంచు ఆరేదాకా మొదలుపెట్టలేం. ఎండ ముదిరి గాలి లేచాక కొట్టలేం, కొడితే మందు పక్క చేలో పడుతుంది. పనికొచ్చే ఆ కాస్త సమయంలో ఈ రైతుకి నాలుగెకరాలే అవుతాయి. తీగల కిందున్న ఎకరాన్ని చేతిపంపుతో కొట్టుకోమని ఆ ఫోన్‌లోనే చెప్పెయ్యాలి. రేటు ఇవన్నీ తెలిశాక చెప్పేది.

రెండో చెడు సలహా: "మందు సంగతి మనకెందుకు? రైతు పోసింది కొట్టి రావడమే."

ఈ నాలుగింటిలో పెద్ద నష్టం తెచ్చేది ఇదే. చేతిపంపుతో కొట్టేటప్పుడు ఎకరానికి నూటయాభై, రెండొందల లీటర్ల నీళ్లు పడతాయి. డ్రోన్‌లో పది లీటర్లే. ఎకరానికి పోసే మందు మోతాదు అంతే కాబట్టి ట్యాంకులో ద్రావణం పదిహేను, ఇరవై రెట్లు చిక్కగా ఉంటుంది. పెద్ద డ్రమ్ములో కలిసిపోయిన మందులు ఈ చిక్కదనంలో విరిగిపోవచ్చు, అడుక్కి దిగి నాజిల్‌కి అడ్డం పడొచ్చు, ఆకు మాడ్చవచ్చు. 2021లో నల్ల తామర పురుగు మిరపను ఊడ్చేసిన దగ్గర్నుంచి భయంకొద్దీ మూడు నాలుగు మందులు కలిపి కొట్టడం ఎక్కువైంది. అందుకే ఏ మందులు, ఎన్ని కలుపుతారు, డబ్బా మీద ఎకరానికి ఎంత రాశారు అని ఫోన్‌లోనే అడగాలి. రెండు కలపాల్సి వస్తే అదే పాళ్లలో కొంచెం సీసాలో కలిపి అరగంట ఆగి చూడమనండి. ముద్దకట్టినా, అడుక్కి దిగినా ఆ కలయిక మీ ట్యాంకులోకి రాకూడదు.

ఇంకో ప్రశ్న చిన్నదే, చాలా సంగతి చెప్తుంది: "ఆకు పైకి ముడుచుకుందా, కిందికా?" పైముడతయితే తామర పురుగు, కింది ముడతయితే నల్లి అని మిరప రైతులకి తెలుసు. ఆకులు చిన్నవై, మొక్క గిడసబారి, తలంతా గుబురుగా ఉందంటే వైరస్ అనుకోవాలి. వైరస్ పట్టిన మొక్కను ఏ మందూ బాగు చెయ్యలేదు. అలాంటి చేనుకి డ్రోన్ తీసుకెళ్తే డబ్బు రైతుది పోతుంది, పేరు మీది పోతుంది. ముందు వ్యవసాయ విస్తరణ అధికారికి చూపించమనండి. మందు పేరు చెప్పడం మీ పని కాదు, ఆ పేరు తెలుసుకోవడం మీ పని. అలాగే కిందటిసారి మీ ట్యాంకులో వరి కలుపుమందు పోశారా అన్నది మిమ్మల్ని మీరు అడుక్కోవాలి. సరిగ్గా కడగని ట్యాంకు అడుగున మిగిలిన కొద్దిపాటి కలుపుమందు చాలు, మిరపను మాడ్చడానికి.

మూడో చెడు సలహా: "వచ్చిన గిరాకీని కాదనకు."

కొన్ని మాటలు వినపడితే కాదనడమే మేలు. "మందు పేరు ఎందుకు, మీరు రండి, ఇక్కడ కలుపుకుందాం" అన్నారంటే, ట్యాంకు నిండేదాకా అందులో ఏముందో మీకు తెలియదు. "పక్క చేనువాళ్లకి చెప్పొద్దు" అన్నారంటే అక్కడ తగాదా ఉన్నట్టు. అటు తేనెటీగల పెట్టెలైనా, చేపల చెరువైనా ఉండి మందు అక్కడ పడితే అడిగేది మిమ్మల్నే. "డబ్బులు కాయ అమ్మాక" అన్నారంటే, కోతలయ్యి సరుకు ఖమ్మం మార్కెట్‌కి వెళ్లేదాకా నెలల తరబడి మీ డీజిల్, బ్యాటరీ ఖర్చు మీ మీదే.

వీటికన్నా జాగ్రత్తగా వినాల్సింది, "వారం కింద ఒకరు వచ్చి కొట్టారు, చేను మాడిపోయింది, మీరొచ్చి బాగు చెయ్యండి" అనే మాట. అప్పటికే దెబ్బతిన్న చేలో మీరు కొట్టాక ఆకు రాలితే, ఏది ఎవరివల్లో ఎవరూ తేల్చలేరు. వాళ్లు ఏం కొట్టారు, ఎప్పుడు కొట్టారు అని అడగండి. చేను ఫోటోలు తీసి పంపమనండి. జవాబు రాకపోతే ఒప్పుకోవద్దు.

కౌలు చేనయితే, మందు ఎవరు నిర్ణయిస్తున్నారు, డబ్బులు ఎవరిస్తారు అని కూడా అడగాలి. ఫోన్ చేసింది కౌలు రైతయినా మందు ఎంచింది మందుల కొట్టు ఆయన కావచ్చు. నిర్ణయించేవాళ్లు ఎవరో తెలియకుండా ఒప్పుకున్న పని చేను గట్టుమీద ఆగిపోతుంది.

నాలుగో చెడు సలహా: "చూద్దాం లెండి, రేపు మాట్లాడతా అని మర్యాదగా పెట్టెయ్."

ఇది మర్యాద కాదు. రైతు ఆ మాటను ఒప్పుకోలుగా తీసుకుని చేతిపంపు వాళ్లని వద్దంటాడు. మీరేమో ఇంకో ఊరికి వెళ్తారు. తామర పురుగు ఈలోగా ఆగదు. కాబట్టి ఫోన్ పెట్టేముందు ఈ మూడు జవాబుల్లో ఒకటి చెప్పాలి: వస్తాను, రాను, ఫలానావి పంపితే ఫలానా వేళకి చెప్తాను.

మూడోది అయితే ఎవరు ఏం చెయ్యాలో, ఎప్పటిలోగా చెయ్యాలో పలికించండి. పొలం లొకేషన్, మందు డబ్బా ఫోటో, ముడత కనపడే ఆకు ఫోటో రైతు పంపాలి. అవి చూసి రేటు, తేదీ మీరు చెప్పాలి. డ్రమ్ము నీళ్లు, కలపడానికి ఒక మనిషి రైతువైపు. పక్క చేలవాళ్లకి, పంచాయతీకి, చర్ల పోలీసు స్టేషన్‌కి ఒక రోజు ముందు చెప్పడం మీవైపు. అడవి అంచున ఉన్న ఈ మండలంలో ఆకాశంలో ఏదో ఎగురుతుంటే ఊళ్లో కలవరం పుడుతుంది, పోలీసులు వచ్చి అడుగుతారు. మీ పైలట్ సర్టిఫికెట్ జేబులో ఉండాలి.

ఫోన్ పెట్టగానే అవే మాటలు వాట్సాప్‌లో రాసి పంపండి. తేగడ రైతుకి ఇలా ఉంటుంది:

"బాబాయ్, తేగడలో నాలుగెకరాలు, మూడు చోట్ల కాదు, రెండు చోట్లే. లైను కింద ఎకరం మీరు చేతిపంపుతో కొట్టుకోవాలి. ఈ సాయంత్రం ఆరులోగా లొకేషన్, మందు డబ్బా, ఆకు ఫోటోలు పంపండి. చూసి ఏడింటికి రేటు చెప్తాను. ఒప్పుకుని సగం అడ్వాన్సు వేస్తే గురువారం పొద్దున మంచు ఆరగానే మొదలుపెడతాను. గాలి ఎక్కువుంటే శుక్రవారం. ఆరులోగా ఫోటోలు రాకపోతే గురువారం వేరేవాళ్లకి ఇస్తాను."