సున్నా కమిషన్, రెండు కిలోల గాలి

ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో కమిషన్ సున్నా అట! 300 రూపాయల లోపు సరుకు మీద పైసా తీసుకోరట. ఇక చిన్న అమ్మకందారు దశ తిరిగినట్టేనని దండోరా. అవతలి వర్గం ఊరుకుంటుందా? "పరాయి పంచన ఎందుకు, సొంత వెబ్‌సైట్ పెట్టుకో" అంటూ వీడియోల మీద వీడియోలు. అది నేర్పే కోర్సు మాత్రం ఉచితం కాదు.

ఈ రెండు వర్గాల వాళ్లనీ కూర్చోబెట్టి ఒక్క కొండపల్లి ఏనుగు అంబారీని పార్సిల్ చేయించాలని నా కోరిక.

తెల్లపొణికి కర్ర మహా తేలిక. బొమ్మ బరువు 300 గ్రాములు, ధర 280 రూపాయలు అనుకోండి. తొండం, మావటి చేతులు అతికించినవి కాబట్టి చుట్టూ మెత్తలు కుక్కి 30×20×20 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టాలి. ఇంత తేలిక బొమ్మకైతే కొరియర్ లెక్కకి అసలు బరువుతో పనిలేదు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగిస్తారు. వచ్చింది 2.4 కిలోలు. అరకిలో స్లాబుల్లో అది రెండున్నర. అంటే ఆ ఏనుగు రెండు కిలోల పైచిలుకు గాలిని మోసుకుని ప్రయాణిస్తోందన్నమాట!

మొదటి అరకిలోకి 50, ఆపై ప్రతి అరకిలోకి 30 చొప్పున వేసుకోండి. 170 అయింది. దానిపై 18 శాతం జీఎస్టీతో 200 దాటింది. మిగిలిన 80 లోపే కర్ర, రంగు, పెట్టె, కూలి. కమిషన్ మాత్రం సున్నాయే, అబద్ధం కాదు.

పోనీ 20×12×10 పెట్టెలో ఇరికిస్తే? 480 గ్రాములు, ఖర్చు 59 రూపాయలు. కానీ తొండం విరుగుతుంది. విరిగితే వాపసు. పోనూ రానూ ఖర్చు చాలాసార్లు అమ్మినవాడి నెత్తినే. ఏనుగు చచ్చినా వెయ్యే అన్నారు గానీ, తొండం విరిగిన ఏనుగుకి పైసా రాదు.

సొంత వెబ్‌సైట్ పెడితే ఈ 5000 మాయమవుతుందా? అవే కొరియర్లు, అదే భాగహారం. పైగా గేట్‌వేకి సుమారు రెండు శాతం, జనాన్ని రప్పించడానికి ప్రకటనలు. క్యాష్ ఆన్ డెలివరీ పార్సిల్‌ని కొన్నవాడు తలుపు దగ్గరే వద్దంటే రెండు వైపుల కిరాయీ మనదే.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. నెలకి పది బొమ్మలు అమ్మే మనిషికి "బ్రాండ్ కట్టు" అని చెప్పడం సలహా కాదు, దగా. సున్నాని పెద్దక్షరాల్లో వేసి కిరాయిని నిబంధనల అడుగున దాచడం కూడా అంతే.

మార్కెట్‌ప్లేస్‌లో ఒకటే ఉపకారం ఉంది: వెతుక్కునేవాళ్లు అక్కడ ఉన్నారు. కానీ కొన్నవాళ్ల ఫోన్ నంబరు మన చేతికి రాదు. కాబట్టి చిన్న పెట్టెలో క్షేమంగా పట్టే బొమ్మలు అక్కడ పెట్టండి. అంబారీని తెలిసిన ఖాతాదారులకే వాట్సాప్‌లో చూపించి, కిరాయి విడిగా చెప్పి, యూపీఐలో డబ్బు ముందే తీసుకోండి. మళ్లీ మళ్లీ కొనేవాళ్లు మీ ఫోన్‌లో పట్టనంతమంది అయ్యాకే వెబ్‌సైట్ మాట. అందాకా ఎవరి వీడియో చూసే ముందైనా టేపు తీసి పెట్టె కొలవండి.