‘ప’ నోరు మూయించిన వెలుగు

రేణిగుంటలో రాత్రిపూట కొట్టు పేరు చదవాల్సినవాడు ఊరివాడు కాడు. ఊరివాడు కళ్లు మూసుకున్నా కొట్టు చేరతాడు. గూడూరు–కాట్పాడి లైను, చెన్నై–గుంతకల్లు లైను కలిసే జంక్షన్‌లో రైలు దిగినవాడు, విమానాశ్రయం నుంచి బయటపడ్డవాడు జ్వరం బిళ్ల కోసం రోడ్డుకు అటూ ఇటూ చూస్తారు. బోర్డు వాళ్ల కోసం. అయితే ఆ బోర్డు చేయించేటప్పుడు మనకు తెలిసిన సూత్రం ఒక్కటే: పక్కకొట్టు కంటే నాలుగు ఎల్‌ఈడీలు ఎక్కువ పెట్టు, అక్షరాన్ని ఇంకాస్త లావు చెయ్యి. ఆ లెక్కన సూర్యుడి మీద పేరు రాస్తే లోకమంతా చదవాలి.

‘శ్రీ పద్మావతి మెడికల్స్’ అనే పేరు తీసుకుందాం. బండి గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుంటే సెకనుకు 11 మీటర్లు పోతుంది. పేరు చదివి, బ్రేకు మీద కాలు వేయడానికి నాలుగు సెకన్లిస్తే, దాదాపు 145 అడుగుల దూరం నుంచే అక్షరం తెలియాలి. బోర్డులు చేసేవాళ్ల మోటు లెక్క ప్రకారం ముప్పై అడుగుల దూరానికి అంగుళం ఎత్తు కావాలి, అదీ మంచి చూపున్నవాడికి. అంటే ఐదంగుళాలు. ‘మనది అడుగెత్తు అక్షరం, రెండింతలకు పైనే ఉంది’ అని యజమాని మీసం దువ్వుతాడు. కానీ ఆ లెక్క ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలది. వాటికి పైన గుడి లేదు, కింద వత్తు లేదు. మన అడుగులో ‘శ్రీ’ మీది గుడిదీర్ఘం కొంత, ‘ద్మా’ కింది మ-వత్తు కొంత తినేస్తే, అసలు అక్షరానికి మిగిలేది ఆరంగుళాలు. వత్తూ గుడీ మరీ చిన్నవి కనుక అవి చదవాలంటే ఆ ఆరూ బొటాబొటీ.

ఇప్పుడు లావు సంగతి. ఆరంగుళాల అక్షరానికి ఐదోవంతు మందం అంటే అంగుళంపావుకు కాస్త తక్కువ. తెల్లకాగితం మీద నల్లసిరాకు అది బాగుంటుంది. వెలిగే గీతకు బాగుండదు. చీకట్లో ప్రకాశించే గీత తన హద్దు దాటి కంట్లో పొంగుతుంది. ఉన్నదాని కంటే లావుగా తోస్తుంది. ‘ప’కు, ‘వ’కు తేడా ‘ప’ పైన తెరిచి ఉన్న నోరే. లావు గీతల మధ్య ఆ నోరు అంగుళమే మిగిలిందనుకోండి, 145 అడుగుల నుంచి అది కంటికి ఆనే హద్దుకు దగ్గరగా ఉంటుంది, పైగా రెండు వైపుల నుంచీ వెలుగు పొంగి పూడుస్తుంది. అమ్మవారు ‘వద్మావతి’ అవుతుంది. అదే గీతను పదోవంతుకు, అంటే ముప్పాతిక అంగుళంలోపుకు తగ్గిస్తే నోరు అంగుళంన్నర దాటుతుంది. వెలుగు పొంగినా అక్షరం మిగులుతుంది. 1960ల్లో బ్రిటన్ రోడ్డు బోర్డులకు అక్షరాలు గీసిన జాక్ కిన్నీర్, మార్గరెట్ కాల్వెర్ట్ ఒకే లిపిని రెండు మందాల్లో చేశారు: తెల్లనేల మీద నల్లక్షరానికి లావుది, ముదురునేల మీద తెల్లక్షరానికి సన్నది. అక్కడి వెలుగు బయటినుంచి పడేదే. మనవాళ్లు అక్షరం కడుపులోనే దీపాలు పెట్టి, లావుదాన్నే ఎంచుకుంటారు.

‘సన్నగీత పగలు నీరసంగా ఉంటుంది’ అంటారు. నిజమే, కొంత ఉంటుంది. దానికి మందు ఉంది: అక్షరం ముఖం వెలగకుండా, వెనక గోడను వెలిగించండి. అప్పుడు లెక్క తిరగబడుతుంది. వెలుగు అంచులను కొరుకుతుంది కనుక నల్లటి అక్షరం లావుగానే ఉండాలి. తెల్లటి బ్యాక్‌లిట్ ఫ్లెక్స్‌దీ ఇదే కథ. అక్కడ సన్నక్షరాలు వేసి, వెనక ట్యూబులు దట్టిస్తే పేరు మాయమై దీపం మాత్రం మిగులుతుంది. ‘అయినా వెలుగు తగ్గిస్తే పక్కకొట్ల మధ్య మేం కనబడం’ అన్నది రెండో వాదం. కనబడడం వేరు, చదవబడడం వేరు. పక్కకొట్టు వెలుగును మీరు ఆర్పలేరు, మీ బోర్డు నేలను మాత్రం ముదురు చేయగలరు. అక్షరానికి పోటీ దాని వెనకున్న నేలతోనే.

ఆ నేల దగ్గరే మరో మోసం. నీలం మీద ఎరుపు వెలిగించి ‘రెండూ కొట్టొచ్చినట్టున్నాయి’ అనుకుంటారు. అవి రంగులో దూరం, వెలుగులో పక్కపక్క. గీత అంచును కన్ను పట్టుకునేది ముఖ్యంగా వెలుగు తేడాతో. బోర్డు డిజైను చూపించినప్పుడు ఫోన్లో నలుపుతెలుపుగా మార్చి చూస్తే చాలు. రెండూ ఒకే బూడిదలో కలిసిపోతే రాత్రి కూడా కలిసిపోతాయి. డబ్బులిచ్చే ముందు, చీకటి పడ్డాక, రోడ్డవతల 145 అడుగులు కొలిచి, ఆ కొట్టు పేరు ఎరగనివాణ్ని నిలబెట్టి చదివించాలి. యజమాని నిలబడితే లాభం లేదు. ఆయనకు బోర్డు ఆరిపోయినా పేరు చదవడం వచ్చు.