మోగని ఫోనుకి అలిగేదెవరు?

నరసన్నపేటలో సంబంధం కుదిరిన సాయంత్రానికే పెళ్లివారి వాట్సాప్ గ్రూపు పుడుతుంది. పసుపు దంచేది ఆ తర్వాతే. ఆ గ్రూపులో 41 మంది ఉన్నారనుకుందాం. క్యాటరింగ్ మాట తేల్చాలని పెళ్లికూతురి మేనమామ ఉదయం ఏడింటికి గ్రూప్ కాల్ కలిపాడు. గ్రూప్ కాల్‌లో పట్టేది 32 మందే. తనని మినహాయిస్తే 31 ఫోన్లు మోగుతాయి, తొమ్మిది మోగవు. మోగినవాళ్లలో రియాద్‌లో ఉన్న తమ్ముడికి అప్పుడు నాలుగున్నర. నైటు డ్యూటీ దిగి పడుకున్నవాడు ఎవరికేమైందోనని ఉలిక్కిపడి లేస్తాడు. మోగని తొమ్మిది మందిదీ వేరే బాధ. ‘నాకు ఫోను రాలేదేటి?’ అన్న ప్రశ్న పెళ్లయ్యాక కూడా పదేళ్లు బతుకుతుంది.

ఈ అలకలకి వాట్సాప్ దగ్గర 2023 నవంబరు నుంచి ఒక మందుంది: వాయిస్ చాట్. మొదట 33 నుంచి 128 మంది ఉన్న గ్రూపులకే ఇచ్చారు, 2025లో చిన్నవాటికీ తెరిచారు. దీన్ని మొదలుపెడితే ఎవరి ఫోనూ మోగదు. చప్పుడు లేని నోటిఫికేషన్ ఒకటి వస్తుంది, గ్రూపులో ఎవరెవరు మాట్లాడుతున్నారో కనిపిస్తుంది. తీరికున్నవాళ్లు చేరతారు, పొయ్యి మీద పాలు పొంగితే వెళ్లిపోతారు, మళ్లీ వస్తారు. ఎవరినీ ఎంచి పిలవలేదు గనక ‘నన్ను మానేశారు’ అనే హక్కు ఎవరికీ మిగలదు. నాకు నచ్చిందీ అదే. గ్రూప్ కాల్ పిలిచేవాడి తీరికని అందరి మీదా రుద్దుతుంది. వాయిస్ చాట్ వినేవాడి తీరిక కోసం ఆగుతుంది.

పిలవని పేరంటానికి ఎవరొస్తారని పెద్దలు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మొదలుపెట్టినవారి దగ్గరకి గంటసేపు ఎవరూ చేరకపోతే వాయిస్ చాట్ తనంతట తనే మూసుకుపోతుంది. క్యాటరింగ్ మీద మేనమామ అభిప్రాయానికి ఊళ్లో ఉన్న గిరాకీ ఎంతో ఆ గంటలో తేలిపోతుంది (గ్రూప్ కాల్‌లో మొహమాటం ఈ నిజాన్ని దాచిపెట్టేది). అయితే వంశధారకి వరదొచ్చినా, ఇంట్లో పెద్దాయన్ని అర్ధరాత్రి శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్లాల్సొచ్చినా ఈ మర్యాద పనికిరాదు. అప్పుడు ఫోను మోగాల్సిందే, తమ్ముడు లేవాల్సిందే. కాకపోతే సాంబారులో ములక్కాడ వెయ్యాలా వద్దా అన్నది ఆ కోవలోకి రాదు.

రెండో అభ్యంతరం కాస్త గట్టిది: చప్పుడు లేకుండా ఎవరైనా వచ్చి వినేస్తారు కదా? గ్రూపులో ఉన్నవాళ్లెవరైనా మధ్యలో చేరొచ్చు, నిజమే. సంభాషణకి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది గానీ అది బయటివాళ్లని ఆపుతుంది, బావగారిని ఆపదు. చేరినవారి పేరు మాత్రం తెర మీద పడుతుంది. కాబట్టి పెట్టుపోతల్లో బావగారి పిసినారితనం గురించి నోరు విప్పేముందు ఆ పేర్ల వైపు ఓసారి చూడాలి. ఆయన మైకు ఆపుకుని ఇందాకట్నుంచీ అక్కడే ఉండొచ్చు.