మనోభావాలు క్షేమం, తేదీయే తప్పు

మా అక్క కొడుక్కి తెనాలిలో ఓ యూట్యూబ్ చానెల్ ఉంది. సబ్‌స్క్రైబర్లు మూడు వేల చిల్లర. అందులో మా బంధువుల్ని తీసేస్తే చిల్లరే మిగులుతుందని నా అనుమానం. నవంబరు 1న వాడు నిమిషం వీడియో ఒకటి వదిలాడు. వెనక డప్పుల మోత, ముందు వాడి గొంతు: "ఆంధ్రప్రదేశ్ కోసం నిరాహారదీక్ష చేసి ప్రాణాలిచ్చిన మహానుభావుడు పొట్టి శ్రీరాములు! ఆ త్యాగఫలంగానే 1956లో ఇదే రోజున మన రాష్ట్రం పుట్టింది!" రెండే వాక్యాలు. మొదటిదాంట్లో రాష్ట్రం తప్పు, రెండోదాంట్లో ఆ త్యాగఫలానికి కట్టిన తేదీ తప్పు. డప్పు మాత్రం బాగుంది.

సాయంత్రానికి కరీంనగర్ నుంచి ఒకాయన కింద రాశాడు: "తమ్మీ, 1952ల పోయినాయన 1956ల వచ్చిన రాష్ట్రం కోసం ఎట్ల దీక్ష చేసిండు?"

మావాడికి చెమటలు పట్టాయి. రాత్రంతా కూర్చుని క్షమాపణ వీడియోకి స్క్రిప్టు రాసి, పొద్దున్నే నా ముందు పెట్టాడు. నాలుగు పేజీలు. నిమిషం తప్పుకి తొమ్మిది నిమిషాల క్షమాపణ.

మొదటి లైను మాట కాదు, వేషం: "నల్ల టీషర్టు. నేలమీద గోడకి ఆనుకుని కూర్చోవాలి. నాలుగు సెకన్లు మౌనం. నిట్టూర్పు." తర్వాత "ఈ వీడియో చేస్తుంటే నా చేతులు వణుకుతున్నాయి ఫ్రెండ్స్" అని. చేతులు వణికితే ఫోను స్టాండుకి పెట్టుకోరా అన్నాను. వాడు నవ్వలేదు. ఏడవాల్సిన చోట్ల పక్కన చుక్కలు పెట్టుకున్నాడు, మూడు చోట్ల.

తర్వాతి వాక్యం మన జాతీయ ఆస్తి: "నా మాటల వల్ల ఎవరి మనోభావాలైనా నొప్పించి ఉంటే క్షమించండి." ఈ ఒక్క వాక్యం మీద మన రాజకీయ నాయకులు, సినిమావాళ్లు, టీవీ చర్చల వాళ్లు ఇన్నేళ్లుగా కాపురం చేస్తున్నారు. ఇందులో పనంతా చేసేది 'ఉంటే'. నొచ్చితేనే తప్పు, నొచ్చకపోతే ఒప్పు. తప్పు చెప్పినవాడి దగ్గర్నుంచి బరువు లేచి నెమ్మదిగా విన్నవాడి భుజాన కూర్చుంటుంది. ఒరే, కరీంనగర్ ఆయన తన మనసు నొచ్చిందని అన్నాడా? లెక్క అడిగాడు. 1952కీ 1956కీ మధ్య నాలుగేళ్లు ఎక్కడ పోయాయని అడిగాడు. లెక్క అడిగినవాడికి మందు రాస్తానంటావేం?

రెండో పేజీలో "మా రీసెర్చ్ టీమ్ వల్ల దొర్లిన పొరపాటు" అని ఉంది. టీమంటే వీడూ, ఫోను పట్టుకునే పక్కింటి కుర్రాడూ. ఆ కుర్రాడు ఇంటర్ సప్లిమెంటరీ రాస్తున్నాడు, పాపం, వాడి నెత్తిన ఇది కూడానా? మూడో పేజీలో "కావాలనే నా మీద విషం చిమ్ముతున్నవాళ్లు" వచ్చారు. ఆ వాళ్లు ఒక్కరే. ఆయన చిమ్మిన విషం ఒక ప్రశ్నార్థకం. నాలుగో పేజీలో "మీరంతా నా కుటుంబం", దాని వెనకే బెల్ ఐకాన్.

నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. వాటిలో 1953 అనే అంకె ఒక్కచోట కూడా లేదు. క్షమాపణ ఉంది, కన్నీళ్లున్నాయి, కుటుంబం ఉంది. ఏది తప్పో, ఏది ఒప్పో మాత్రం లేదు. అంటే ఈ వీడియో చూసినవాడు మావాడి మీద జాలితో, అదే తప్పు తేదీతో ఇంటికెళ్తాడు.

"సరే, అసలు జరిగిందేమిటో చెప్పు" అన్నాను.

"అదే మామయ్యా... ఆంధ్రప్రదేశ్ కోసం..."

వాడికి ఇంకా తెలియదు! తెలియకుండానే క్షమాపణ రాసేశాడు. కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న మద్రాసులో, మైలాపూరులోని బులుసు సాంబమూర్తిగారింట్లో దీక్షకి కూర్చున్నారు. అడిగింది మద్రాసు రాష్ట్రంలోంచి తెలుగు జిల్లాల్ని విడదీసి ఆంధ్ర రాష్ట్రం ఇమ్మని. డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. కోస్తా అట్టుడికింది. 19న నెహ్రూ పార్లమెంటులో రాష్ట్రం ఇస్తామన్నారు, మద్రాసు నగరం లేకుండా. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా, ప్రకాశంగారు ముఖ్యమంత్రిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. శ్రీరాములుగారి త్యాగఫలం అది.

ఆ దీక్ష నడుస్తున్నప్పుడు హైదరాబాదు వేరే రాష్ట్రం. బూర్గుల రామకృష్ణారావుగారు అక్కడ ముఖ్యమంత్రి. దాన్ని ఆంధ్రతో కలపడం తర్వాతి కథ. రాష్ట్రాల పునర్విభజన సంఘం 1955లో, తెలంగాణను అప్పటికి విడిగానే ఉంచమనీ, తర్వాత ఎన్నికైన శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒప్పుకుంటే కలపమనీ రాసింది. 1956 ఫిబ్రవరిలో రెండువైపుల పెద్దలు ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అయింది. ఈ బేరసారాలన్నిటికీ నువ్వు చనిపోయిన మనిషి చేత సంతకం పెట్టించావు. కరీంనగర్ ఆయన ఊరుకుంటాడా మరి?

"ఎక్కడ చూసి చెప్పావురా?"

"ఇంకో రీల్‌లో."

"వాడెక్కడ చూశాడు?"

మౌనం. ఈసారిది స్క్రిప్టులో లేని మౌనం. రెండు తేదీలు పక్కపక్కన రాసుకుని ఉంటే, ఏ గ్రంథాలయానికీ పోకుండానే తప్పు పట్టుబడేది.

"డిలీట్ చేసేయనా మామయ్యా?"

వద్దన్నాను. చప్పుడు కాకుండా తీసేస్తే, ఇప్పటికే వాట్సాప్‌లకెక్కిన కాపీలు తిరుగుతూనే ఉంటాయి, దిద్దుబాటు ఒక్కటే ఎక్కడా ఉండదు. అదే లింకులో పాత వీడియో తీసి కొత్తది పెట్టడం యూట్యూబ్‌లో కుదరదు. కానీ పేరు మార్చొచ్చు, వివరణ మార్చొచ్చు, కామెంట్లలో మొదటిదిగా నీ దిద్దుబాటును పిన్ చేయొచ్చు. అవన్నీ చేసి, తర్వాత ఇది చదువు అని నాలుగు పేజీల వెనక ఖాళీ వైపు రాసిచ్చాను:

"నమస్కారం. నవంబరు 1 వీడియోలో నేను తప్పు చెప్పాను. పొట్టి శ్రీరాములుగారు దీక్ష చేసింది ఆంధ్రప్రదేశ్ కోసం కాదు, మద్రాసు నుంచి విడిగా ఆంధ్ర రాష్ట్రం కోసం. ఆయన 1952 డిసెంబరు 15న చనిపోయారు. ఆ రాష్ట్రం 1953 అక్టోబరు 1న వచ్చింది. 1956లో తెలంగాణను కలిపి ఆంధ్రప్రదేశ్ చేయడం వేరే నిర్ణయం. వేరే రీల్‌లో విన్నదాన్ని సరిచూడకుండా చెప్పాను. తప్పు నాదే, క్షమించండి. పాత వీడియో పేరు మార్చి, తప్పేమిటో అక్కడే రాశాను. పట్టి చూపించిన కరీంనగర్ అన్నకు కృతజ్ఞతలు."

చదివించి చూశాను, నిమిషం లోపే అయిపోయింది. "ఇంతేనా? మ్యూజిక్?" అన్నాడు. వద్దన్నాను. "ఏడుపు కూడా లేకపోతే ఎవరు చూస్తారు మామయ్యా?" అన్నాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నల్ల టీషర్టు మాత్రం విప్పించాను.

మొదటి వీడియోని అపార్ట్‌మెంట్ గ్రూపులో, టెన్త్ బ్యాచ్ గ్రూపులో, వియ్యాలవారి గ్రూపులో "తప్పక చూడండి" అని పంపిన పెద్దలకి ఒక మనవి. ఈ రెండోది కూడా దయచేసి అవే గ్రూపుల్లో పంపండి. మొదటిదాన్ని మూడు గ్రూపుల్లో పంపిన మా అక్క దీన్ని ఇంకా ఒక్కదాంట్లోనూ పంపలేదు.