సహకరించగలరని మనవి

బెజవాడ చుట్టుపక్కల మార్చి నెలలో ఎండతో పాటు స్కూలు సర్క్యులర్ కూడా దిగుతుంది. పటమటలో దిగినా, పోరంకిలో దిగినా, గుడివాడలో దిగినా అందులో రాసేది ఒకటే. "పెరిగిన నిర్వహణ వ్యయం దృష్ట్యా, మీ చిన్నారుల ఉజ్వల భవిష్యత్తును దృష్టిలో ఉంచుకుని ఫీజును నామమాత్రంగా సవరించడమైనది. సహకరించగలరని మనవి." మర్యాదకు ఏ లోటూ లేదు. లోటంతా లెక్కకే.

ఈ 'నామమాత్రం' ఏడాదికి పది శాతం అనుకుందాం. ఎల్కేజీలో 40 వేలు కట్టి చేర్పించిన పిల్లాడు పదో తరగతికి వచ్చేసరికి పెంపు పదకొండుసార్లు పడుతుంది. అప్పుడు ఫీజు లక్షా 14 వేలు దాటుతుంది. ఆ మాట ఎల్కేజీ అడ్మిషన్ నాడే చెబితే తండ్రి కుర్చీలోంచి లేచిపోతాడు. అందుకే పదకొండు విడతల్లో, ప్రతిసారీ నమస్కారం పెట్టి మరీ చెబుతారు.

ప్రభుత్వం పట్టించుకోలేదా అంటే, పట్టించుకుంది. 2021 ఆగస్టులో జీవో 53 ఇచ్చి, నగరపాలక సంస్థల పరిధిలో హైస్కూలు ఫీజు ఏడాదికి 18 వేలు దాటకూడదంది. యాజమాన్యాలు హైకోర్టుకెళ్లాయి. ఏ బడి ఖర్చు ఆ బడిదే, అన్నిటినీ ఒకే గాటన కడితే ఎలా అన్నాయి. న్యాయమైన మాటే. డిసెంబరులో కోర్టు ఆ జీవోను కొట్టేసింది. కోర్టు మెట్లు దిగగానే మాత్రం అన్ని బళ్లూ ఒకే సర్క్యులర్ పంచాయి. ఏ బడి లెక్క ఆ బడిదే అన్నప్పుడు, ఆ లెక్కేదో మాకూ చూపించాలి కదా!

చూపించడానికి దారి కూడా ఉంది. 1994 జనవరి 1 నాటి జీవో 1 ఫీజు రూపాయిని ఐదు వాటాలు వేసింది. యాభై పైసలు సిబ్బంది జీతాలకు. పదిహేను పైసలు వాళ్ల పీఎఫ్, గ్రాట్యుటీ, బీమాలకు. పదిహేను నిర్వహణకు, పదిహేను బడి అభివృద్ధికి. మిగిలిన ఐదు పైసలు యాజమాన్యానికి. బెంజి సర్కిల్లో కట్టే ఫ్లెక్సీకీ, ఒకటి ఒకటి ఒకటి అంటూ అరిచే ర్యాంకుల ప్రకటనకూ అందులో వాటా లేదు. ఆ డబ్బు ఏ వాటాలోంచి వస్తుందో సర్క్యులర్ చెప్పదు.

కాబట్టి యాజమాన్యాల తరఫున ఒక సర్క్యులర్ నేనే రాసిపెడుతున్నాను. అంకెలు నమూనా మాత్రమే, ఎవరి అంకెలు వాళ్లు వేసుకోవచ్చు.

"తల్లిదండ్రులకు నమస్కారం. నిరుడు ఫీజు 50 వేలు, ఈ ఏడు 56 వేలు. అంటే పెంపు 12 శాతం, దీన్ని నామమాత్రం అనలేం. పెరిగిన 6 వేలలో 3 వేలు టీచర్ల జీతాలకు, 900 వాళ్ల పీఎఫ్ వగైరాలకు, 900 మరమ్మతులకు, 900 ల్యాబుకు, 300 మాకు. సెక్షన్లో నలభై మంది పిల్లలున్నారు కనుక, ఆ సెక్షన్ వాటా కింద టీచర్లందరికీ కలిపి నెలకు 10 వేలు పెరగాలి. పెరిగిందో లేదో వాళ్లనే అడగండి. చెప్పినందుకు వాళ్ల మీద చర్య తీసుకోం.

"ఇక గడువులు. ఇంతకాలం జూన్, సెప్టెంబర్, నవంబర్ పెట్టాం. జూన్‌లో మీలో రైతులు విత్తనాలకూ దమ్ముకూ అప్పు చేస్తుంటారు. నవంబరులో వరి ఇంకా పొలంలోనో కళ్లంలోనో ఉంటుంది. ధాన్యం డబ్బు చేతికొచ్చేది సంక్రాంతి అటూ ఇటూ. మేమూ టీచర్లకు నెలనెలా జీతాలివ్వాలి కనుక మొత్తం అప్పటిదాకా ఆగలేం. జూన్ 30కి పావు వంతు, అక్టోబర్ 15కి పావు వంతు, జనవరి 31కి సగం కట్టండి. నెల జీతగాళ్లు పది వాయిదాల్లో కట్టొచ్చు. బకాయి ఉంటే మీతోనే మాట్లాడతాం. పిల్లల్ని క్లాసులో నిలబెట్టం, హాల్ టికెట్ ఆపం."

దీన్ని అచ్చు వేయడానికి ఒక్క కాగితం చాలు. అయినా వేయరు. టీచర్ల జీతం గురించి రాసిన ఆ ఒక్క వాక్యం చాలా బళ్లకు మింగుడుపడదు. ఫీజు పెరిగిన ఏడు మేడమ్ గారి జీతం ఎంత పెరిగిందో తెలిసిపోతే 'నిర్వహణ వ్యయం' అనే మాటకు పని లేకుండా పోతుంది.

ఈసారి సర్క్యులర్ రాగానే కోప్పడకండి, బతిమాలకండి. పేరెంట్స్ మీటింగులో పది మంది కలిసి, పెంచిన డబ్బులో జీతాలకెంత, మీ వాటా ఎంత అని కాగితం మీద రాసి అడగండి. జవాబు కూడా కాగితం మీదే ఇమ్మనండి. సహకరించగలరని మనవి.