ఎడమ పెడలు ఎదురు తిరిగింది

మా తమ్ముడి బలం మీద మాకెవరికీ అనుమానం లేదు. అనుమానమల్లా అది ఏ వైపు పనిచేస్తుందన్నదే. సంక్రాంతికి హైదరాబాదు నుంచి బందరు వచ్చినవాడు పెరట్లో మా నాన్నగారి పాత సైకిలు చూసి, "ఈ విరిగిన ఎడమ పెడలు మార్చేస్తే అమ్మడు స్కూలుకి తొక్కుకుంటుంది" అంటూ పానా పట్టాడు. ఏ మర అయినా ఎడమకి తిప్పితే ఊడాల్సిందేనని ఇంజినీరింగు చదివినవాడి ధీమా. అరిసెల బలమంతా ఖర్చుపెట్టాడు. పక్కింటి బాబాయిగారు గోడ దూకినంత పనిచేసి వచ్చి తనూ ఓ చెయ్యి వేశారు. పెడలు కదల్లేదు సరికదా, ఇద్దరూ కలిసి దాన్ని ఇంకాస్త బిగించి, చేతులు కడుక్కుని భోజనాలకి కూర్చున్నారు.

అరుగు మీద పేపరు చదువుతున్న నాన్నగారు ఒక్క మాట అనలేదు. ఆ సైకిలు మీదే ఉత్తరాలు పంచి రిటైరయిన పోస్ట్‌మన్ ఆయన. సలహా అడగనివాళ్లకి సలహా ఇవ్వరు. అల్లా అని నవ్వకుండానూ ఉండరు. తమ్ముడు బస్సెక్కాకే పేపరు మడిచి మనవరాల్ని పిలిచారు.

"రావే అమ్మడూ, మీ మావయ్య ఎంత బిగించాడో చూద్దాం."

మొదటి పని పానాతో కాదు, ఉప్పుకాగితంతో. పెడలు ఇరుసు క్రాంకులోంచి దూరి లోపలివైపు తేలుతుంది కదా, ఆ చివరని రుద్దమన్నారు. బందరు ఉప్పుగాలికి పట్టిన తుప్పు రాలాక, అక్కడ సన్నగా L అన్న అక్షరం బయటపడింది.

"ఎల్ అంటే లెఫ్టు. దీని మర ఎదురు మర. అన్ని మరలూ ఎడమకి తిప్పితే ఊడతాయి. ఇది కుడికి తిప్పితే ఊడుతుంది."

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఏదీ ఊరికే ఒప్పుకోదు. కాసేపు పెడలుని వేలితో తిప్పుతూ ఆలోచించి తగువు మొదలెట్టింది. "తొక్కేటప్పుడు పెడలు తిరుగుతూ లోపలి ఇరుసుని కూడా తనతో లాగాలి కదా? అలా లాగితే ఎదురు మర వదులవ్వాలి తాతయ్యా, బిగియదు. పెట్టినవాళ్లు తప్పు పెట్టారు."

నిజం చెప్పొద్దూ, వాదన నాకూ సబబుగానే తోచింది. నాన్నగారు దాని పెన్సిలు తెమ్మన్నారు. దాన్ని తన గుప్పిట్లో వదులుగా పట్టుకున్నారు. "ఈ చివర పట్టుకుని గుండ్రంగా తిప్పు, మెలి తిప్పకు. గోడగడియారం ముల్లు తిరిగే వైపు." అది తిప్పింది. గుప్పిట్లో పెన్సిలు మాత్రం గుప్పిటి గోడని రాసుకుంటూ దానికి ఎదురు దిశలో దొర్లింది. మళ్లీ తిప్పింది. మళ్లీ ఎదురే.

పెడలుకీ ఇదే జరుగుతుందట. మర ఎంత బిగించినా వెంట్రుకవాసి సందు ఉంటుంది. కాలి బరువు ఎప్పుడూ కిందికే పడుతుంది కానీ క్రాంకు చుట్టూ తిరుగుతుంది కాబట్టి, క్రాంకు లెక్కన చూస్తే ఆ బరువే ఇరుసు చుట్టూ ప్రదక్షిణం చేస్తుంది. దాంతో ఇరుసు తన రంధ్రంలో ఎదురు దిశలో రవ్వంత దొర్లుతుంది. లోపల బేరింగు గుళ్లు ఉన్నాయి కాబట్టి పెడలు ఇరుసుని లాగే లాగుడు ఈ దొర్లుడు ముందు ఆగదు. అందుకే కుడి పెడలుకి మామూలు మర, ఎడమదానికి ఎదురు మర. తొక్కేకొద్దీ రెండూ బిగుస్తాయే తప్ప ఊడవు. విమానం ఎగరేసిన రైట్ సోదరులు అంతకుముందు సైకిళ్లు తయారుచేసుకునే రోజుల్లోనే తమ ఎడమ పెడలుకి ఈ ఎదురు మర పెట్టారు.

"అంటే మీరు ఉత్తరాలు పంచినన్నాళ్లూ దీన్ని బిగిస్తూనే ఉన్నారన్నమాట" అంది అమ్మడు.

"నేను బిగించాను, తుప్పు అంటించింది, మీ మావయ్య సీలు వేశాడు."

తర్వాత కిరసనాయిలు. రేషనులో మానేశాక మా ఇంట్లో దాని సీసాని అత్తరులా దాస్తారు. అందులో కాస్త ఇంజను ఆయిలు కలిపి, ఇరుసు క్రాంకుని కలిసేచోట రెండు వైపులా చుక్కచుక్కగా వేయించారు. సైకిలుని పక్కకి పడుకోబెట్టారు, చుక్క జారిపోకుండా. రాత్రంతా అలాగే వదిలేశారు. ఆయిలు తుప్పుని కరిగించదు, సందుల్లోకి పాకుతుందంతే. పాకడానికి దానికి టైము కావాలి. ఈ టైము దగ్గరే మగవాళ్లందరూ ఓడిపోతారని మా అమ్మ వంటింట్లోంచి అంది.

పొద్దున్న అమ్మ కాఫీకి పెట్టిన మరుగుతున్న నీళ్లు సగం పెరట్లోకి వచ్చేశాయి. వాటిని క్రాంకు మీదే, ఇరుసు చుట్టూ పోయించారు. ఆ కాస్త వేడికి రంధ్రం సాగేది మిల్లీమీటరులో నూరో వంతు. అయినా తుప్పు పట్టు సడలడానికి అది చాలుతుంది. చల్లారేటప్పుడు ఆయిలు ఇంకాస్త లోపలికి పోతుంది. రెండోసారి నీళ్లు అడిగితే అమ్మ గిన్నె మీద మూత పెట్టేసింది.

ఇక పానా. పదిహేను నంబరుదే, కానీ గ్రైండింగు పట్టించి పల్చబరిచింది. పెడలుకీ క్రాంకుకీ మధ్య సందు సన్నం. మామూలు పానా అందులో పూర్తిగా కూర్చోదు. కూర్చోని పానాతో బలం పెడితే పలకలు అరిగి గుండ్రమవుతాయి. ఆ తర్వాత వెల్డింగు షాపే గతి.

ఎడమ క్రాంకుని ముందుకి చాపారు. వెనక్కి చాచిన కుడి క్రాంకుని చైను పక్క గొట్టానికి పాత ట్యూబు ముక్కతో కట్టేశారు, లేకపోతే ఫ్రీవీలు వల్ల అన్నీ కలిసి వెనక్కి తిరుగుతాయి. పానా పిడి వెనకచక్రం వైపు వచ్చేలా, దాదాపు క్రాంకు పక్కనే పెట్టారు. పిడికి మూరెడు ఇనపగొట్టం తొడిగారు.

"ఏ వైపు పెడలైనా ఒకటే లెక్క. పానా నిలువుగా పైకి ఉంటే వెనకచక్రం వైపు లాగు. ఇలా వెనక్కి పడుకుని ఉంటే కిందికి నొక్కు. కుడా ఎడమా అని ఆలోచించకు, ఆలోచించే మీ మావయ్య చెడ్డాడు. ఒక్కసారి గుంజకు, బరువు మెల్లిగా వెయ్యి. టక్ మంటే మనం గెలిచినట్టు. కర్ మంటే పలక జారినట్టు, వెంటనే ఆపెయ్."

అమ్మడు రెండు చేతులూ ఆనించి ఒంటి బరువంతా వేసింది. ఏమీ లేదు. ఇంకాస్త వంగింది. టక్! గోడవతల బాబాయిగారు "ఏం విరిగింది?" అని కేకేశారు.

విరగలేదు, పావు చుట్టు తిరిగింది. ఆ ఊపులో మొత్తం విప్పేయబోతే నాన్నగారు చెయ్యి పట్టుకున్నారు. తుప్పుపొడి మరల మధ్య ఇరుక్కుని మళ్లీ బిగుసుకుపోతుందట. అందుకే కాస్త ముందుకి, కాస్త వెనక్కి, మళ్లీ రెండు చుక్కలు. ఎర్రటి బురద కారింది. చివరికి పెడలు అమ్మడి చేతిలోకి వచ్చింది. క్రాంకు రంధ్రంలో మరలని పాత టూత్‌బ్రష్షుతో తోమి, గ్రీజు రాశారు. కొత్త పెడలు మొదటి నాలుగు చుట్లూ వేళ్లతోనే ఎక్కాలని, పానాతో మొదలెడితే మర అడ్డంగా కోసుకుపోతుందని హెచ్చరించారు.

కొత్త జత కొనడానికి తాతామనవరాళ్లిద్దరూ సైకిలు షాపుకి వెళ్లారు, వెనక నేనూ. షాపాయన పెట్టెలోంచి రెండు పెడళ్లు తీసి కాగితంలో చుట్టబోతుంటే అమ్మడు ఆపింది. రెండింటి ఇరుసు చివర్లూ వెలుతురుకి తిప్పి చూసింది.

"అంకుల్, రెండూ ఆర్‌లే."

"ఏదైతేనేం పాపా, గట్టిగా తిప్పితే అదే ఎక్కుతుంది."

"ఎక్కదండీ, క్రాంకు మర పోతుంది. పెన్సిలుందా, చూపిస్తాను?"

షాపాయన నాన్నగారి వంక చూశాడు. నాన్నగారు గోడ మీద క్యాలెండరు చదువుతున్నారు. ఇక లాభం లేదని ఆయన స్టూలెక్కి, అటక మీది గోనెసంచి దించి, దుమ్ములో ఎడమ పెడలు కోసం వెతకడం మొదలెట్టాడు.