ఫోను కడిగే విధానం: అయిదు సలహాలు, అన్నీ ఉచితమే

పండిట్ నెహ్రూ బస్టాండులో గుడివాడ బస్సు కోసం నిలబడ్డవాళ్ళ ఫోన్లలోకి ఓసారి చూడండి. తొంగి చూడటం తప్పంటారు గానీ, వాళ్ళే మన ముఖం ముందు పెట్టి మరీ తిప్పుతుంటారు. రెండేళ్ళ కిందటి ఓటీపీలు, ఎప్పుడో వాడేసిన గ్యాసు కోడ్‌లు, పేరు లేని నంబర్ల నుంచి వచ్చిన కాల్స్, అన్నీ అలాగే పేరుకుపోయి ఉంటాయి. మా బంధువర్గంలో ఈ చెత్త ఊడ్చే బాధ్యత నాది. నా చేతి మీదుగా శుభ్రపడ్డ ఫోన్లు కంకిపాడు నుంచి అవనిగడ్డ దాకా ఉన్నాయి. ఆ అనుభవమంతా రంగరించి ఈ సలహాలిస్తున్నాను. పాటించినవాళ్ళు ఏమయ్యారని మాత్రం అడగొద్దు.

1. చచ్చిన ఓటీపీని మళ్ళీ చంపండి

బ్యాంకు ఓటీపీకి ఆయుష్షు కొద్ది నిమిషాలే. వాడేసినా, గడువు దాటినా ఆ అంకెలతో ఎవడూ చేయగలిగింది లేదు. అంటే పాతవి చెరిపేస్తే ఇన్‌బాక్సు కాస్త తేలికపడుతుందే తప్ప, డబ్బుకి కొత్తగా వచ్చే రక్షణ ఏమీ లేదు. అందుకే ఈ పనికి ఒక ఆదివారం మొత్తం కేటాయించాలి. ఒక్కో మెసేజీ నొక్కిపట్టి, చెత్తబుట్ట బొమ్మ నొక్కి, "నిజంగా తీసేయాలా?" అని అది అడిగితే అవునని చెప్పి ముందుకు సాగాలి. గూగుల్ మెసేజెస్ యాప్ సెట్టింగుల్లో మెసేజ్ ఆర్గనైజేషన్ అనే చోట ఒక మీట ఉంటుంది. అది నొక్కితే ఓటీపీలు ఇరవై నాలుగు గంటల తర్వాత వాటంతటవే పోతాయి. దాని జోలికి పోకండి. ఆదివారం ఖాళీ అయిపోతుంది.

పాతవాటితో ఇలా కుస్తీ పడుతున్నంతసేపూ, కొత్త ఓటీపీలు మీతోపాటు ఇంకెవరు చదువుతున్నారో ఆలోచించే తీరిక ఉండదు. అదీ ఈ పద్ధతిలో హాయి. "పీఎం కిసాన్" అనో, "ఆర్టీవో చలానా" అనో వాట్సాప్ గ్రూపులో ఏపీకే ఫైలు వస్తుంది. తెలిసినవాడి నంబరు నుంచే వచ్చింది కదా అని నొక్కేస్తాం. అలాంటి యాప్ మనల్ని అడిగేవాటిలో ముఖ్యమైనది ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి. ఇచ్చామా, వచ్చిన ఓటీపీ మన కంట పడేలోపే అవతలివాడి చేతిలో ఉంటుంది. ఇక వెనక్కి వెళ్ళి పాతవి ఎన్ని చెరిపినా వాడికి బాధ లేదు.

ఫోను సెట్టింగుల్లో ప్రైవసీ, అందులో పర్మిషన్ మేనేజర్, అందులో ఎస్ఎంఎస్ అని తెరిస్తే, ఏ ఏ యాపులకు ఆ అనుమతి ఉందో ఒకే పేజీలో కనిపిస్తుంది. మెసేజీల యాప్ ఉండాల్సిందే. బ్యాంకు, యూపీఐ యాపులు ఉన్నా ఆశ్చర్యం లేదు. మీకు గుర్తే లేని యాప్ పేరు అక్కడ కనబడితే గుండె గుభేలుమంటుంది. గుండె ఆరోగ్యం ముఖ్యం కనుక ఆ పేజీ తెరవకండి.

2. కీప్యాడ్ ఫోనులో మాత్రం ఒక్కటీ తీయొద్దు

తీయాల్సిన అవసరం నిజంగా ఉన్నది ఈ ఫోనులోనే. అందుకే తీయొద్దంటున్నాను. ఈ ఫోన్లలో మెసేజీలకుండే చోటు బాగా తక్కువ. సిమ్‌లో దాచుకునేలా పెడితే కొన్ని పదులకే నిండిపోతుంది. నిండాక కొత్త మెసేజీ లోపలికి రాదు. తెర మీద కవరు బొమ్మ మిణుకుమిణుకుమంటూ ఉంటుంది, అంతే. నెట్‌వర్కువాళ్ళు ఆ మెసేజీని తమ దగ్గర అట్టే పెట్టి, మళ్ళీ మళ్ళీ పంపి చూస్తుంటారు.

ఉయ్యూరులో మా పెద్దత్తయ్య ఫోను ఈ సలహాకి నిలువెత్తు ఉదాహరణ. గ్యాసు కుర్రాడు సిలిండరు గేటు దగ్గర దించి, "కోడ్ చెప్పండమ్మా, లేకపోతే డెలివరీ కొట్టడం కుదరదు" అన్నాడు.

"కోడ్ ఏవీ రాలేదు నాయనా, పొద్దుట్నుంచీ కవరు కొట్టుకుంటానే ఉంది."

"ఫుల్లయిపోయినట్టుంది. నాలుగు పాతవి తీసెయ్యండి, అదే వస్తది."

అత్తయ్య నాలుగు తీసింది. ఆగి ఉన్నవన్నీ ఒకదాని వెనక ఒకటి దిగాయి. మొదట పడిన దాంట్లో అంకెలున్నాయి కదా అని గట్టిగా చదివి వినిపించింది. అది బ్యాంకుది. అదృష్టం బాగుండి గడువు తీరిపోయింది, ఆ కుర్రాడూ మంచివాడే. మూడో మెసేజీలో ఉంది గ్యాసు కోడ్. పంపినవాళ్ళ పేరు ముందు చూసి, తర్వాత అంకెలు చదవాలని ఆ కుర్రాడే చెప్పి వెళ్ళాడు. ఇంత చిన్న విషయాలు గుర్తుపెట్టుకోవడం మన వంశంలో లేదు.

ఇంకో సంగతి. గ్యాసు కోడ్ బ్యాంకు ఓటీపీలా నిమిషాల్లో చావదు, సిలిండరు ఇంట్లో దిగేదాకా పనికొస్తుంది. కొరియర్‌వాళ్ళ కోడ్ కూడా అంతే. కాబట్టి శుభ్రం చేసే ఉత్సాహంలో ముందుగా వాటినే తీసిపారేయండి.

3. వాయిస్ మెయిల్ ఖాళీగా ఉంది కదా, నిశ్చింతగా పడుకోండి

మన వైపు వాయిస్ మెయిల్లో మాట వదిలేవాడెవడు? మిస్డ్ కాల్ ఇచ్చి ఊరుకుంటాం. అందువల్ల చెరపడానికి అక్కడేమీ ఉండదు. ఉండేదల్లా దారి. మనం ఎత్తని కాల్ ఇంకో నంబరుకి మళ్ళే దారి.

వాట్సాప్‌లో మీ నంబరు కొట్టి, కోడ్ మెసేజీగా రాలేదంటే, "ఫోన్ చేసి చెప్పు" అనే వీలుంది. ఆ కాల్ మీరు ఎత్తకపోతే వాయిస్ మెయిల్లో పడుతుంది. మెయిల్ పెట్టెకి కంపెనీ మొదట ఇచ్చిన పిన్నే ఉంటే, దొంగ దూరం నుంచే విని కోడ్ రాసుకుంటాడు. ఇజ్రాయెల్లో ఇలాగే వాట్సాప్ ఖాతాలు పోతుంటే 2018 అక్టోబరులో అక్కడి సైబర్ భద్రతా సంస్థ హెచ్చరిక జారీ చేసింది. మన దగ్గర దొంగలు ఇంకా సులువు చేసుకున్నారు. కొరియర్ ఆఫీసు నుంచనో, సిమ్ కంపెనీ నుంచనో మాట్లాడి, *401* కొట్టి ఆ వెనక ఒక నంబరు కొట్టమంటారు. కొట్టామా, మన కాల్స్ అన్నీ వాడికి మళ్ళుతాయి. కోడ్ చెప్పే కాల్ కూడా. టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి ఈ *401# సేవను ఆపేయమని కంపెనీలను ఆదేశించింది. ఆ వార్త చదివి, ఇక మన ఫోనులో ఏ మళ్ళింపూ ఉండదని తీర్మానించుకోండి. ఫోను సెట్టింగుల్లో కాల్ ఫార్వర్డింగ్ అనేది ఇంకా ఉందన్న సంగతి మర్చిపోండి.

కాల్స్ అన్నీ ఎక్కడికైనా మళ్ళుతున్నాయా అని తెలుసుకోవడానికి *#21# కొడితే చాలు. ఫోను అందుబాటులో లేనప్పుడు ఎటు వెళ్తున్నాయో *#62# చెబుతుంది. అక్కడ మీ సిమ్ కంపెనీ సొంత నంబరు కనబడొచ్చు, అది మిస్డ్ కాల్ సమాచారం కోసం పెట్టింది. తెలియని మొబైల్ నంబరు కనబడితే ##002# కొట్టాలి, మళ్ళింపులన్నీ రద్దవుతాయి. ఇవన్నీ చేసినా నిమిషం పట్టదు. ఆ నిమిషం కాల్ లాగ్ చెరపడానికి వాడుకుందాం.

4. డబ్బు పోయిన మరుక్షణం కాల్ లాగ్ తుడిచేయండి

ఇది నా అభిమాన సలహా. కంకిపాడులో మా బావమరిది దీన్ని అక్షరాలా పాటించాడు. ధాన్యం డబ్బులు ఖాతాలో పడ్డ వారానికి, ఒక శనివారం మధ్యాహ్నం ఫోనొచ్చింది. కేవైసీ అన్నారు, కార్డు ఆగిపోతుందన్నారు. రెండు ఓటీపీలు చెప్పాడు. రెండు దఫాలుగా నలభై ఎనిమిది వేలు పోయాయి. ఇంట్లో చూస్తే పరువు పోతుందని ముందు ఆ నంబరు చెరిపాడు, తర్వాత బ్యాంకు మెసేజీల థ్రెడ్ మొత్తం లేపేశాడు. అప్పుడు నాకు ఫోన్ చేశాడు.

"బావా, అంతా క్లీన్ చేసేశా. ఇప్పుడేం చేయమంటావ్?"

1930కి ఫోన్ చేశాం. అవతలివాళ్ళు అడిగినవి ఇవి: ఏ బ్యాంకు, ఎంత పోయింది, ఎన్ని గంటలకి, లావాదేవీ నంబరు ఎంత, ఏ నంబరు నుంచి ఫోనొచ్చింది. మొదటి రెండూ చెప్పగలిగాడు. మిగతా మూడూ వాడు అరగంట కిందట చెరిపేసిన వాటిలోనే ఉన్నాయి. బ్యాంకు స్టేట్‌మెంటులో లావాదేవీ నంబరు దొరుకుతుంది. కానీ మావాడిది పాసుపుస్తకం బాపతు, ఆ రోజు రెండో శనివారం. సోమవారం దాకా ఆగాల్సి వచ్చింది. దొంగ ఖాతాలోకి చేరిన డబ్బు అక్కడ ఉన్నంతసేపే దాన్ని ఆపగలరు. దాటిపోయాక వెంబడించడమే మిగులుతుంది, సోమవారానికల్లా అది ఎన్ని ఖాతాలు మారాలో అన్నీ మారుతుంది.

కాల్స్ వివరాలు టెలికాం కంపెనీ దగ్గర పోవు. కనీసం రెండేళ్ళు ఉంచాలని 2021 డిసెంబరులో నిబంధన మార్చారు. కానీ అవి పోలీసులు అడిగి తెప్పించుకోవాలి. మన ఫోనులో ఒక్క స్క్రీన్‌షాట్‌తో అయ్యే పనికి ఇన్ని ఉత్తరాలు నడపడమే మా పద్ధతి గొప్పతనం.

ఇంకా విశేషం ఉంది. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు బ్యాంకుదీ మీదీ కాకుండా డబ్బు పోతే, మూడు పనిదినాల్లోపు చెబితే మీ మీద భారం పడదు. ఆ మూడు రోజులు లెక్కపెట్టేది బ్యాంకు నుంచి మీకు సమాచారం అందిన దగ్గర్నుంచి. మావాడిలా ఓటీపీ మనమే చెబితే, ఫిర్యాదు చేసేదాకా పోయింది మన నష్టమే. ఫిర్యాదు చేశాక కూడా పోతే అది బ్యాంకు భరించాలి. రెండు చోట్లా ఏది ఎప్పుడు జరిగిందో చూపించడానికి మన చేతిలో ఉండే రుజువు "డెబిట్ అయింది" అన్న ఆ చిన్న మెసేజీ. అందుకే అన్నిటికన్నా ముందు దాన్నే చెరపాలి.

5. ఫోను అమ్మేటప్పుడు మెసేజీలు మాత్రమే చెరపండి

బీసెంట్ రోడ్డులో పాత ఫోను ఇచ్చి కొత్తది కొనేటప్పుడు, కౌంటరు దగ్గరే నిలబడి మెసేజీలు, కాల్స్ చెరిపి, ఫోను చేతిలో పెట్టేయండి. గూగుల్ ఖాతా తీసేసి, ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ కొట్టడం పెద్ద తతంగం. ఖాతా అలాగే ఉంచితే మీ ఫొటోలు, మెయిల్ కొన్నవాడు తీరిగ్గా చూసుకుంటాడు. అతనే సెట్టింగుల్లోకి వెళ్ళకుండా రీసెట్ కొడితే ఫోను మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్పుడు షాపువాడు ఫోన్ చేసి, "సార్, మీ జీమెయిల్ పాస్‌వర్డ్ ఒకటి చెప్పండి" అంటాడు. చెప్పేయండి, పాపం.

చివరగా, ఫ్రిజ్ మీద అంటించుకోవడానికి చిన్న చీటీ. పైభాగంలో వెంటనే చెరపాల్సినవి: డబ్బు కట్ అయిన మెసేజీ, దొంగ నంబరు, ఇంకా రాని సిలిండరు కోడ్. కింది భాగంలో పదిలంగా ఉంచుకోవాల్సినవి: మెసేజీలు చదివే తెలియని యాప్, ఎవరికో మళ్ళిన కాల్స్, కీప్యాడ్ ఫోను నిండా పాత ఓటీపీలు, అమ్మేసిన ఫోనులో మీ ఖాతా. చీటీని తలకిందులుగా మాత్రం అంటించకండి. అలా చదివితే మీ ఫోను నిజంగానే బాగుపడుతుంది, దానికి నా పూచీ లేదు.